బ్లోయర్ హీటర్ తిరుగుతోంది, వేడి మాత్రం లేదు: తెగింది కాయిలేనా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా నాయనమ్మ గదిలో 2000 వాట్ల బ్లోయర్ హీటర్ ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది కానీ ఒకటిలో పెట్టినా రెండులో పెట్టినా చల్లగాలే. కొన్ని రోజులుగా కాసేపు వేడి వచ్చి కాసేపు ఆగేది, ఇప్పుడు అసలు లేదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ విప్పకుండానే "కాయిల్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. నిజంగా కాయిలేనా? ఇంట్లో మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.

జవాబు:

మీరు చెప్పినదాన్ని బట్టి నేనైతే కాయిల్‌ని చివర్లో అనుమానిస్తాను. ఈ రకం బ్లోయర్లలో చాలావాటికి ఉండేది ఒక కాయిల్ కాదు, రెండు. ఒక్కోటీ 1000 వాట్లు. సెలెక్టర్ స్విచ్ ఒకటిలో పెడితే మొదటిది ఒక్కటే కాలుతుంది, రెండులో పెడితే రెండూ కాలుతాయి. అందుకని కాయిల్ తెగినప్పుడు హీటర్ ప్రవర్తన వేరుగా ఉంటుంది. మొదటి కాయిల్ తెగితే ఒకటిలో చల్లగాలి వస్తుంది గానీ రెండులో పెట్టగానే సగం వేడైనా తగులుతుంది. రెండోది తెగితే ఒకటిలో ఎప్పటిలాగే ఉంటుంది, రెండులోకి తిప్పినా వేడి పెరగదు. రెండు కాయిళ్లూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి తెగడం చాలా అరుదు. మీకు రెండు స్థానాల్లోనూ వేడి లేదంటే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న దారి ఎక్కడో తెగిందనే ముందు అనుకోవాలి.

ఆ దారి ఎలా పోతుందో ఒకసారి చూడండి. ప్లగ్ నుంచి వచ్చే ఫేజ్ వైరు సెలెక్టర్ స్విచ్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి ఫ్యాన్ మోటారుకి ఒక వైరు, మొదటి కాయిల్‌కి ఒకటి, రెండో కాయిల్‌కి ఒకటి బయల్దేరతాయి. కాయిళ్ల అవతలి కొసలు రెండూ ఒకచోట కలిసి, అక్కడి నుంచి వేడి మితిమీరితే కరెంటు ఆపేసే థర్మల్ కటౌట్, చాలా మోడళ్లలో దాంతోపాటు ఒక చిన్న థర్మల్ ఫ్యూజ్ దాటి న్యూట్రల్ చేరతాయి. మోటారు మాత్రం ఈ కటౌట్ జోలికి పోకుండా నేరుగా న్యూట్రల్‌కి పోతుంది. కొన్ని కంపెనీలు కటౌట్‌ని స్విచ్‌కి ముందే పెడతాయి. అలాంటి వాటిలో కటౌట్ తెగితే ఫ్యాన్ కూడా ఆగిపోతుంది. మీ ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి మీది మొదటి రకం. ప్లగ్గు, వైరు, కింద పడితే ఆగిపోయే స్విచ్చూ బాగానే ఉన్నాయని కూడా ఈ ఫ్యానే చెబుతోంది.

మీ ప్రశ్నలో అన్నిటికంటే పనికొచ్చిన మాట "కాసేపు వేడి వచ్చి కాసేపు ఆగేది" అన్నది. తెగిన కాయిల్ సాధారణంగా అలా చేయదు, తెగితే తెగినట్టే ఉంటుంది. లోపల వేడి మితిమీరి, కటౌట్ తెరుచుకుని, చల్లారాక మళ్లీ మూసుకుంటే ఇలా ఉంటుంది. అంటే మీ హీటర్ లోపల గాలి సరిగ్గా ఆడటం లేదని అది కొన్ని రోజులుగా చెబుతూనే ఉంది. చివరికి కటౌట్ కాంటాక్టులు కాలిపోయి ఉండాలి, లేదా దాని వెనక కాపలాగా ఉన్న ఫ్యూజ్ ఎగిరి ఉండాలి.

విప్పే ముందు డబ్బు ఖర్చు లేని రెండు పనులు చేయండి. ఒకటి, థర్మోస్టాట్ నాబ్ ఉంటే దాన్ని ఆఖరిదాకా తిప్పండి. మన దగ్గర సంక్రాంతి రోజుల్లో కూడా సాయంత్రం గదిలో ఇరవై డిగ్రీల పైనే ఉంటుంది. నాబ్ సగానికి తక్కువలో ఉంటే "గది వెచ్చగానే ఉందిగా" అనుకుని థర్మోస్టాట్ కాయిల్‌కి కరెంటు ఇవ్వదు, కొన్ని మోడళ్లలో ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పైకి తిప్పేటప్పుడు టిక్కుమని వినిపించాలి. రెండు, ప్లగ్ పీకేసి అరగంట వదిలేయండి. కొన్ని కటౌట్లు ఒకసారి తెరుచుకుంటే స్విచ్ ఆపినా కలవవు, ప్లగ్ పీకి పూర్తిగా చల్లారితేనే కలుస్తాయి. ఈ రెండింటితో వేడి వచ్చినా సంతోషపడి వాడటం మొదలుపెట్టొద్దు. గాలి ఎందుకు ఆడటం లేదో కింద రాశాను, అది చూశాకే వాడండి.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి చెప్పాలి. వేడి రావడం లేదంటే కాయిల్‌లో కరెంటు లేదనుకుంటారు చాలామంది. పైన చెప్పిన దారి చూడండి, తెగింది న్యూట్రల్ వైపు. అంటే చల్లగా ఉన్న ఆ కాయిళ్ల పొడవునా 230 వోల్టులు కాచుకుని ఉంటాయి. ముందు జాలీలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి కాయిల్‌ని కదిపి చూసేవాళ్లని చూశాను, చూస్తేనే నాకు టెన్షన్. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ సాకెట్‌లోంచి బయటికి వచ్చి మీ కళ్లముందు ఉండాలి. ఇక్కడి నుంచి నేను చెప్పే కొలతలన్నీ ప్లగ్ పీకి చేసేవే.

మొదటి కొలతకి హీటర్ విప్పక్కర్లేదు. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో, 2000 రేంజ్‌లో పెట్టి, దాని రెండు కొసలూ ప్లగ్ తాలూకు ఫేజ్, న్యూట్రల్ పిన్నులకి ఆనించండి. పైన ఉండే లావు పిన్ను ఎర్త్, దాన్ని వదిలేయండి. హీటర్ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే కింది స్విచ్ తెరుచుకుని మీటరు ఏమీ చూపించదు. థర్మోస్టాట్ ఆఖరిదాకా ఉండాలి. ఇప్పుడు సెలెక్టర్‌ని ఫ్యాన్, ఒకటి, రెండు వరసగా తిప్పుతూ మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి.

ఫ్యాన్ స్థానంలో మోటారు చుట్ట ఒక్కటే ఉంటుంది కాబట్టి సాధారణంగా కొన్ని వందల ఓములు చూపిస్తుంది. 230 వోల్టులకి 1000 వాట్ల కాయిల్ అంటే సుమారు 53 ఓములు, రెండు కాయిళ్లు కలిస్తే సుమారు 26. మోటారు కూడా వాటి పక్కనే ఉంటుంది కాబట్టి మీటరులో ఇంకాస్త తక్కువ కనిపిస్తుంది. ఇక్కడ ఖచ్చితమైన అంకె ముఖ్యం కాదు. ఫ్యాన్‌లోంచి ఒకటిలోకి తిప్పగానే అంకె ధబీమని పడాలి, రెండులోకి తిప్పితే ఇంచుమించు సగం కావాలి. మూడు స్థానాల్లోనూ ఒకటే అంకె వస్తే కాయిళ్లదాకా అసలు దారే లేదన్నమాట.

కిందటి చలికాలం పటమట నుంచి ఒక బాలింత గదిలోని హీటర్ నా దగ్గరికి వచ్చింది. అచ్చం మీ హీటర్ కథే, కాయిల్ పోయిందని అక్కడా ఎవరో చెప్పారు. ప్లగ్ దగ్గర కొలిస్తే ఫ్యాన్‌లో 310 ఓములు, ఒకటిలో 310, రెండులోనూ 310. విప్పి చూస్తే కాయిళ్లు రెండూ కొత్తవాటిలా ఉన్నాయి, ఎక్కడా తెగలేదు. కటౌట్ కొసల మధ్య కొలిస్తే సున్నాకి దగ్గర, అంటే అదీ బాగుంది. దాని పక్కన తెల్లటి గొట్టంలాంటి తొడుగులో ఉన్న థర్మల్ ఫ్యూజ్ కొలిస్తే మీటరు కదల్లేదు. దొరికింది దొంగ. కానీ ఫ్యూజ్ ఊరికే పోదు కదా. వెనక జాలీ చూస్తే దూది, నూలు పోగులు కంబళిలా పేరుకుని ఉన్నాయి. పాప పక్కబట్టలు ఆరేసిన కుర్చీ హీటర్ ముందే ఉండేదని వాళ్లే చెప్పారు. ఫ్యాన్ రెక్కని వేలితో తిప్పితే ఒక చుట్టు కూడా పూర్తికాకుండా ఆగిపోయింది. జాలీ, రెక్కలు శుభ్రం చేసి, మోటారు ఇరుసు తిరిగే బుష్‌లకి నూనె వేసి, ఫ్యూజ్ మార్చి, మళ్లీ ప్లగ్ దగ్గర కొలిస్తే ఫ్యాన్‌లో 310, ఒకటిలో 45, రెండులో 24. ఆ తర్వాతే కరెంటు ఇచ్చాను.

మీ మూడు అంకెలూ ఒకటే అయితే మీరూ విప్పాల్సిందే. వెనక స్క్రూలు తీయండి, ఒకటి రెండు లోతుగా గుంటలో ఉంటాయి, ఒకటి మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగని తల కావచ్చు. తెరవగానే ముందు ఫోటో తీసుకోండి, ఏ వైరు ఎక్కడుందో తర్వాత గుర్తుండదు. కాయిళ్లు మైకా షీట్ల చట్రం మీద అల్లి ఉంటాయి. మైకా పెళుసు, వేళ్లతో నొక్కొద్దు. ఆ చట్రం అంచున రివెట్‌తో బిగించి కటౌట్ కనిపిస్తుంది, బిళ్లలా గుండ్రంగానో, రెండు రేకుల మధ్య చిన్న కాంటాక్టుతోనో. చల్లగా ఉన్నప్పుడు దాని రెండు కొసల మధ్య మీటరు సున్నాకి దగ్గర చూపించాలి. ఏమీ చూపించకపోతే అదే పోయింది. రేకు రకం అయితే కాంటాక్టు నల్లబడి గుంటలు పడి ఉండటం కంటికే కనిపిస్తుంది. కొందరు ఆ రేకుని కొంచెం వంచి కలిపేస్తారు. అది ఏ వేడికి తెరుచుకోవాలో ఆ వంపే నిర్ణయిస్తుంది, మీరు వంచితే ఇంకెప్పుడు తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు. మార్చడమే మార్గం.

థర్మల్ ఫ్యూజ్ అయితే ఒక్కసారి పనిచేసే వస్తువు, ఎగిరితే మళ్లీ అతకదు. దాని ఒంటి మీద ఎన్ని డిగ్రీలు, ఎన్ని ఆంప్స్ అని చెక్కి ఉంటుంది. అవే అంకెలున్నది తేవాలి. రెండులో పెట్టినప్పుడు దాంట్లోంచి దాదాపు 8.7 ఆంప్స్ పోతాయి కాబట్టి ఆంప్స్ తక్కువున్నది పనికిరాదు. డిగ్రీలు ఎక్కువున్నది "ఇంకా మంచిదండీ" అని షాపులో ఇస్తే తీసుకోవద్దు. విజయవాడ గవర్నర్‌పేటలో ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మేచోట పాత ముక్క చూపించి అడగండి. బిగించేటప్పుడు టంకం పెట్టడానికి లేదు, చిన్న లోహపు గొట్టంలో కొసలు దూర్చి గట్టిగా నొక్కి క్రింపే చేయాలి. సాల్డరింగ్ ఐరన్ వేడి ఫ్యూజ్ కాడలోంచి లోపలికి పాకి కొత్త ఫ్యూజ్‌ని అక్కడికక్కడే ఎగరగొడుతుంది. ఒకవేళ బతికినా కాయిల్ పక్కన ఆ టంకం మెత్తబడి ఊడుతుంది. క్రింపు చేసి, వేడి తట్టుకునే ఆ పాత తొడుగునే మళ్లీ ఎక్కించండి.

ఇక్కడే మన ఊళ్లలో ఒక పాడు అలవాటు ఉంది. ఫ్యూజ్ దొరకలేదనో, కటౌట్ మాటిమాటికీ పడుతోందనో రెండు కొసలూ కలిపేసి "డైరెక్ట్ చేశానండీ, ఇక సమస్య ఉండదు" అంటారు. వేడి వస్తుంది, నిజమే. ఆ తర్వాత ఎప్పుడైనా ఫ్యాన్ బిగుసుకుంటే 2000 వాట్లు గాలి లేకుండా ఆ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండిపోతాయి. ఆపడానికి ఇంకేమీ మిగలదు. మీది నాయనమ్మగారి గది, రాత్రి పూట ఆవిడ లేచి ప్లగ్ పీకలేరు. విడిభాగం దొరక్కపోతే ఆ హీటర్ వాడకండి, అంతే.

వేడి ఎందుకు మితిమీరింది అన్నది సగం పని. మన దగ్గర హీటర్ ఏడాదిలో కొన్ని వారాలే వాడి, మిగతా కాలం అటక మీద పెడతాం. ఆ నెలల్లో మోటారు బుష్‌లలో నూనె ఎండి జిగురవుతుంది. వెనక జాలీలో దుమ్ము చేరుతుంది. గుంటూరులో పత్తి జిన్నింగ్ మిల్లుల దగ్గర్లో ఇళ్లున్నవాళ్ల హీటర్లు తెరిస్తే దూది తెరలుతెరలుగా వస్తుంది. పొడి పెయింట్ బ్రష్‌తో జాలీ, రెక్కలు, మైకా సందులు దులపండి, తడిగుడ్డ వద్దు. తర్వాత రెక్కని వేలితో ఒక విసురు విసరండి. బాగున్న మోటారు ఇంకా కొన్ని చుట్లు తనంతట తిరిగి నెమ్మదిగా ఆగుతుంది. వెంటనే ఆగితే ఇరుసుకి తలవెంట్రుకలు చుట్టుకున్నాయేమో చూసి తీసేయండి, రెండు బుష్‌ల దగ్గరా ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, కొద్ది రోజులకే అది జిగురై మొదటికే మోసం తెస్తుంది. చుక్క కంటే ఎక్కువ వేస్తే కాయిల్ మీద చిమ్మి కాలిన వాసన వస్తుంది.

కటౌట్, ఫ్యూజ్, థర్మోస్టాట్ మూడూ బాగుండి ఇంకా దారి లేదంటే అప్పుడు సెలెక్టర్ స్విచ్. మీటరు కంటే ముందు దాని నాబ్ చూడండి. నాబ్ లోపలి ప్లాస్టిక్ రంధ్రం ఒక పక్క చదునుగా ఉంటుంది, అది పగిలితే నాబ్ తిరుగుతుంది గానీ లోపలి ఇరుసు ఫ్యాన్ స్థానంలోనే నిలబడిపోతుంది. నాబ్ పీకి, పట్టకారుతో ఇరుసుని తిప్పి కొలిస్తే తేలిపోతుంది. ఇరుసు తిరుగుతున్నా ఫలితం లేకపోతే స్విచ్ వెనక వైర్లు చూడండి. ఫేజ్ వచ్చే కొస నుంచి కాయిళ్లకి వెళ్లే కొసల దాకా, ఆయా స్థానాల్లో మీటరు సున్నాకి దగ్గర చూపించాలి. ఒకటి రెండు ఓములు వస్తే "తక్కువేగా" అనుకోకండి. 8.7 ఆంప్స్ దగ్గర ఒక్క ఓమ్ అంటే సుమారు 75 వాట్లు ఆ చిన్న స్విచ్‌లోనే వేడిగా మారుతున్నాయి. వైరు చివరి లగ్గు వదులై, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటే అది ఇప్పటికే అలా కాలుతోందన్నమాట. అలాంటప్పుడు స్విచ్ ఒక్కటే మారిస్తే చాలదు, లగ్గు కూడా కత్తిరించి, మెరిసే రాగి కనిపించేదాకా వైరు ఒలిచి కొత్తది క్రింపు చేయాలి.

ఇంత చూశాక నిజంగానే కాయిల్ తెగి కనిపించిందనుకోండి. రెండింటి ఉమ్మడి రివెట్ దగ్గర వదులైతే అది బయటికి కాయిల్ తెగినట్టే ఉంటుంది, రెండూ ఒకేసారి పోతాయి, ముందు అక్కడ చూడండి. మధ్యలో తెగితే కొసలు లాగి మెలితిప్పి కలపొద్దు. నిక్రోమ్ తీగకి మామూలు టంకం అంటదు, మెలితిప్పిన చోట అతుకు సరిగ్గా ఆనక అక్కడే ఎర్రగా కాలి మళ్లీ తెగుతుంది. తెగిన కొస జారి పక్క కాయిల్‌కో రేకుకో తగిలితే ఇంకో గొడవ. మైకా చట్రంతో సహా మొత్తం ఎలిమెంట్ సెట్ దొరికితే మార్చండి. మీ మోడల్‌కి దొరక్కపోతే, అప్పుడు మాత్రం మీ ఎలక్ట్రీషియన్ మాటే నిజం, కొత్తది కొనుక్కోవడమే మేలు. రిమోట్, డిస్‌ప్లే ఉన్న సిరామిక్ హీటర్లకి ఈ కొలతలు వర్తించవు, వాటిలో బోర్డు వేరే ఉంటుంది.

అన్నీ బిగించాక ప్లగ్ దగ్గర మూడు అంకెలూ మళ్లీ కొలిచి, ఎర్త్ పిన్నుకీ మిగతా రెండు పిన్నులకీ మధ్య ఏ స్థానంలోనూ మీటరు కదలడం లేదని చూసుకుని అప్పుడు కరెంటు ఇవ్వండి. మొదటిసారి నాయనమ్మగారి గదిలో కాదు, హాల్లో గచ్చు మీద, చుట్టూ ఏమీ లేకుండా. పదహారు ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టండి, కన్వర్టర్ ప్లగ్గులు వద్దు. దుమ్ము కాలిన వాసన రెండు మూడు నిమిషాలు వచ్చి పోవాలి. రెండులో పెట్టి అరగంట పక్కనే కూర్చోండి. ఈలోపు మళ్లీ చల్లగాలి వచ్చి, కాసేపటికి వేడి తిరిగొస్తే కటౌట్ తన పని తాను చేస్తోంది, మోటారే తగినంత వేగంగా తిరగడం లేదు. అప్పుడు మార్చాల్సింది మోటారు.